దిద్దగల తప్పు, దిద్దకూడని తప్పు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సారు మాకు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెప్పారు. బోర్డు మీద ఏ సర్క్యూట్ గీసినా, అది పనిచేస్తుందని నిరూపించి ఊరుకునేవారు కాదు. ఇందులో ఒక తీగ తెగితే ఇది ఏం చేస్తుంది, చెప్పండి అనేవారు. అందుకని ఈరోజు నేను తప్పుల గురించే మాట్లాడతాను. కంప్యూటర్ మెమరీలో దాచిన సున్నా ఒకటిగానో, ఒకటి సున్నాగానో మారిపోతే దాన్ని కనిపెట్టి దిద్దే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరు హామింగ్ కోడ్. ఒక బిట్ చెడితే దిద్దుతుంది, రెండు బిట్లు చెడితే చెడ్డాయని చెబుతుంది. ఈ రెండు పనుల్లో మొదటిదాన్ని అందరూ మెచ్చుకుంటారు. రెండోది లేకపోతే మొదటిదే ప్రమాదమని చూపించడం నా ఉద్దేశం.

బిట్ ఎందుకు మారుతుంది

డైనమిక్ మెమరీలో ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. ఆ ఆవేశం చాలా తక్కువ. ఒక కణం సిలికాన్‌లోంచి దూసుకుపోతే దాని దారి పొడవునా పుట్టే ఆవేశాలు ఆ కెపాసిటర్‌ను తారుమారు చేయడానికి చాలు. చిప్‌కు ఏ దెబ్బా తగలదు, అదే చోట మళ్ళీ రాస్తే సరిగ్గానే నిలుస్తుంది. అప్పుడున్న విలువ మాత్రం పోయింది. 1978లో ఇంటెల్ కంపెనీకి చెందిన మే, వుడ్స్ అనే ఇద్దరు ఇలాంటి కణాలు చిప్ ప్యాకేజీలోంచే వస్తున్నాయని చూపించారు. ప్యాకేజీ పదార్థంలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం ఆల్ఫా కణాలను విడుదల చేస్తున్నాయి. ప్యాకేజీని శుద్ధి చేస్తే ఆ బాధ తగ్గింది. కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రాన్లు మిగిలాయి.

ఈ విషయంలో మన తిరుపతి, చిత్తూరు ప్రాంతం అదృష్టం చేసుకుంది. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. బయటినుంచి వచ్చే ఆవేశకణాలకు ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం అడ్డంగా నిలుస్తుంది. దక్షిణ భారతం మీదుగా లోపలికి రావాలంటే ఒక ప్రోటాన్‌కు సుమారు 17 గిగావోల్టుల కటాఫ్‌ను దాటే శక్తి ఉండాలి. భూగోళం మీద ఇంత గట్టి అడ్డు ఉన్న ప్రాంతాలు తక్కువ. కాబట్టి తిరుపతిలోని ఒక సర్వర్ మెమరీలో తప్పు కనిపిస్తే, ఆకాశం మీద నెపం వేసే ముందు చిప్‌నే అనుమానించడం న్యాయం. 2009లో గూగుల్ సర్వర్ల మీద అచ్చయిన పెద్ద పరిశీలన కూడా అదే చెప్పింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్ళలో దిద్దదగిన తప్పులు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం దారిన పోయే కణాల వల్ల వచ్చినవి కావు, హార్డ్‌వేర్ లోపాల వల్ల మళ్ళీ మళ్ళీ వచ్చినవి.

అయితే మన జిల్లాలోనే ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన చోటికి దారి మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు సూళ్ళూరుపేటతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడినుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్ళే ఉపగ్రహాల్లో చాలావాటి కక్ష్య ధ్రువాల మీదుగా సాగుతుంది. ధ్రువాల దగ్గర అయస్కాంత క్షేత్రం ఆ కణాలకు అడ్డుపడదు. బ్రెజిల్ తీరానికి ఆవల దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ పట్టీ కిందికి దిగి ఉంటుంది. ఏ తక్కువ కక్ష్య ఉపగ్రహం తన మెమరీ తప్పులకు పటం మీద గుర్తులు పెట్టినా, చుక్కలు అక్కడే గుమిగూడతాయి. నేల మీది మెమరీ చెడితే మాడ్యూల్ మార్చుకోవచ్చు. శ్రీహరికోట దాటి వెళ్ళినదాన్ని మళ్ళీ చేత్తో ముట్టుకోలేం. దాని మెమరీ తన తప్పును తానే దిద్దుకోవాలి, లేదా దిద్దలేనని నిజాయితీగా చెప్పాలి.

చోటు చెప్పే లెక్క

అన్నిటికంటే సులువైన కాపలా పారిటీ. బిట్ల వరుసలో ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్య అయ్యేలా చివర ఒక బిట్ చేర్చుతాం. చదివేటప్పుడు బేసి వస్తే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. ఎక్కడ జరిగిందో మాత్రం తెలియదు.

బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్‌ను వేధించింది ఈ వెలితే. 1947 ప్రాంతంలో ఆయన తన లెక్కలను వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కు అప్పగించేవాడు. తప్పును పసిగట్టే ఏర్పాటు ఆ యంత్రానికి ఉంది. మామూలు రోజుల్లో తప్పు కనిపిస్తే ఆపరేటర్ వచ్చి సరిచేసేవారు. వారాంతంలో ఎవరూ ఉండరు గనుక, యంత్రం ఆ లెక్కను వదిలేసి తర్వాతిదానికి వెళ్ళిపోయేది. వరుసగా రెండు వారాలు సోమవారం వచ్చి చూస్తే ఆయన లెక్కలు ముందుకు సాగలేదు. తప్పు జరిగిందని పట్టుకోగలిగిన యంత్రం ఎక్కడ జరిగిందో ఎందుకు పట్టుకోలేదని ఆయన ప్రశ్న వేసుకున్నాడు. జవాబు 1950 ఏప్రిల్‌లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో అచ్చయింది. ఒక తప్పును దిద్ది, రెండు తప్పులను పట్టే కోడ్ కూడా అదే వ్యాసంలో ఉంది.

మన అక్షరంతోనే దాన్ని చేసి చూద్దాం. యూనికోడ్‌లో 'త'కు కేటాయించిన సంఖ్య `0C24`. చివరి బైట్ `24`ను బిట్లలో రాస్తే `00100100`. ఈ ఎనిమిది బిట్లను కాపాడాలి.

ముందు 1 నుంచి 12 వరకు పన్నెండు స్థానాలు గీసుకుందాం. 1, 2, 4, 8 స్థానాలను చెక్ బిట్లకు వదిలేసి, మిగిలిన ఎనిమిది స్థానాల్లో మన బిట్లను ఎడమనుంచి వరుసగా పెడదాం.

```
స్థానం :  1  2  3  4  5  6  7  8  9 10 11 12
డేటా   :  -  -  0  -  0  1  0  -  0  1  0  0
నిండితే:  0  0  0  1  0  1  0  1  0  1  0  0
```

చెక్ బిట్ల విలువలు ఇలా వస్తాయి. ఒకటి ఉన్న ప్రతి స్థానం సంఖ్యనూ నాలుగు బిట్లలో రాసి, ఒకదాని కింద ఒకటి పేర్చండి. డేటాలో 6, 10 స్థానాల్లో మాత్రమే ఒకట్లు ఉన్నాయి. 6 అంటే `0110`, 10 అంటే `1010`. నిలువుగా చూస్తే 8ల వరుసలో ఒకే ఒక్క ఒకటి ఉంది, 4ల వరుసలోనూ అంతే. ఈ రెండూ బేసి. 2ల వరుసలో రెండున్నాయి, 1ల వరుసలో ఏదీ లేదు. ఇవి సరి. ప్రతి నిలువు వరుసలోనూ ఒకట్ల సంఖ్య సరి కావాలన్నదే నియమం. 8, 4 వరుసలు బేసిగా ఉన్నాయి కాబట్టి ఎనిమిదో స్థానంలో ఒక ఒకటి, నాలుగో స్థానంలో ఒక ఒకటి పెడితే లెక్క సరిపోతుంది. పట్టికలో మూడో వరుస అదే. చెక్ బిట్లకు 1, 2, 4, 8 స్థానాలే ఎందుకంటే, ఆ సంఖ్యల్లో ఒక్కోదానిలో ఒక్క ఒకటే ఉంటుంది. ఒక నిలువు వరుసను సరిచేస్తే మరో వరుస చెడదు.

ఇక తప్పు జరగనిద్దాం. పన్నెండో స్థానంలోని సున్నా ఒకటి అయింది. డేటా బైట్ `24` కాస్తా `25` అయింది. `0C25` అంటే 'థ'. చెక్ లేని మెమరీ అయితే తిరుపతిని 'థిరుపతి'గా చూపించి ఊరుకునేది. ఇక్కడ చదివేటప్పుడు ఒకట్ల స్థానాలను మళ్ళీ పేర్చుతాం. 4, 6, 8, 10 కలిసి అన్ని వరుసలూ సరి అవుతాయని ముందే చూశాం. కొత్తగా వచ్చిన 12, అంటే `1100`, 8ల వరుసను, 4ల వరుసను బేసి చేస్తుంది. బేసి వరుసలను చదివితే `1100`, పన్నెండు. తప్పు జరిగిన చోటు తన సంఖ్యను తానే చెప్పుకుంది. ఇలా మిగిలే సంఖ్యను సిండ్రోమ్ అంటారు. అది సున్నా అయితే తప్పు లేదు, లేదంటే అది చెప్పిన స్థానంలోని బిట్‌ను తిప్పేయాలి. డేటా బిట్ కాకుండా చెక్ బిట్టే చెడినా ఇదే లెక్క పనిచేస్తుంది.

ఇందుకు ఎన్ని చెక్ బిట్లు కావాలి? చెక్ బిట్లు `r`, మొత్తం స్థానాలు `n` అనుకుంటే, సిండ్రోమ్ `n` స్థానాల్లో దేన్నైనా చూపగలగాలి, తప్పు లేదని కూడా చెప్పగలగాలి. అంటే `2^r ≥ n + 1`. ఎనిమిది బిట్ల డేటాకు నాలుగు చెక్ బిట్లు, 32 బిట్లకు ఆరు, 64 బిట్లకు ఏడు. వర్డ్ పెద్దదయ్యేకొద్దీ కాపలా చవకవుతుంది.

రెండు తప్పులు జరిగితే

ఇప్పుడు పన్నెండుతోపాటు పదకొండో బిట్ కూడా మారిందనుకోండి. డేటా `27` అయింది, అంటే 'ధ'. సిండ్రోమ్ చూద్దాం. `1100`, `1011` పేర్చితే బేసిగా మిగిలేవి `0111`, అంటే ఏడు. ఏడో స్థానంలో ఏ తప్పూ లేదు. అయినా మన సర్క్యూట్‌కు తెలిసింది ఒక్కటే, సిండ్రోమ్ చెప్పిన చోట బిట్‌ను తిప్పడం. తిప్పుతుంది. రెండు తప్పులు మూడవుతాయి. డేటా `37` అవుతుంది, అంటే 'ష'. 'త' చెడి 'ధ' అయితే, దిద్దుబాటు దాన్ని 'ష' చేసింది. అంతకంటే దారుణం, పై ప్రోగ్రామ్‌కు అందే కబురు 'తప్పు ఒకటి కనిపించింది, దిద్దేశాను' అని. అచ్చమైన హామింగ్ కోడ్‌లో సిండ్రోమ్ మనకున్న స్థానాల్లో ఒకదాన్ని చూపిన ప్రతిసారీ జంట తప్పుకు ఇదే గతి.

దీనికి విరుగుడు ఒక్క బిట్. పన్నెండు స్థానాలకూ కలిపి ఒక మొత్తం పారిటీ బిట్‌ను సున్నాస్థానంలో చేర్చండి. మన ఉదాహరణలో 4, 6, 8, 10 స్థానాల్లో నాలుగు ఒకట్లున్నాయి, అది సరి. కాబట్టి ఆ బిట్ సున్నా. ఇప్పుడు పదమూడు బిట్లు.

చదివేటప్పుడు రెండు విషయాలు చూస్తాం, సిండ్రోమ్, మొత్తం పారిటీ. రెండూ శుభ్రంగా ఉంటే తప్పు లేదు. పారిటీ బేసి అయి సిండ్రోమ్ ఒక స్థానాన్ని చూపితే ఒక్క తప్పు, దిద్దవచ్చు. పారిటీ బేసి అయి సిండ్రోమ్ సున్నా అయితే చెడింది ఆ పారిటీ బిట్టే, డేటా భద్రం. సిండ్రోమ్ ఏదో చోటు చూపుతోంది, పారిటీ మాత్రం సరి అంటోంది అంటే రెండు బిట్లు మారాయి. అప్పుడు చేయి పెట్టకూడదు. మన 'ధ' విషయంలో ఒకట్లు ఆరు, పారిటీ సరి, సిండ్రోమ్ ఏడు. సర్క్యూట్ ఏడో బిట్ జోలికి పోకుండా, ఈ వర్డ్ నమ్మదగింది కాదని చెప్పేస్తుంది. చివరి బిట్ వల్ల దిద్దే శక్తి రవ్వంత కూడా పెరగలేదు. ఎప్పుడు దిద్దకూడదో తెలిసింది. 64 బిట్ల వర్డ్‌కు ఏడు చెక్ బిట్ల మీద ఇది ఎనిమిదో చెక్ బిట్. మొత్తం 72. సర్వర్ మెమరీ మాడ్యూల్ మీద ఎనిమిది చిప్‌ల పక్కన తొమ్మిదో చిప్ కనిపించేది అందుకే.

ఈ హామీకి హద్దు ఉంది. పన్నెండు, పదకొండుతోపాటు ఏడో బిట్ కూడా మారితే మూడు సంఖ్యలూ కలిసి సిండ్రోమ్ సున్నా అవుతుంది, పారిటీ బేసి. సర్క్యూట్ దాన్ని పారిటీ బిట్ చెడినట్టుగా చదువుకుని, 'ష'ను సరైన అక్షరంగా పైకి పంపుతుంది. ఏడుకు బదులు పదో బిట్ మారి ఉంటే సిండ్రోమ్ పదమూడు వచ్చేది. అలాంటి స్థానమే లేదు కాబట్టి పట్టుబడేది. అంటే మూడు తప్పుల్లో కొన్ని పట్టుబడతాయి, కొన్ని తప్పించుకుంటాయి. మూడో తప్పు విషయంలో ఈ కోడ్ మనకు ఏ మాటా ఇవ్వలేదు.

రావుగారి అసమీకరణం

ఇక్కడ ఒక తెలుగు గణితవేత్తను తలచుకోవాలి. 2023 ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. హామింగ్ వ్యాసానికి మూడేళ్ళ ముందు, 1947లో, ఆయన ప్రయోగాల రూపకల్పన మీద ఒక వ్యాసం రాశారు. దానికీ మెమరీకీ సంబంధం లేదు.

అందులోని ప్రశ్నను మన నేలలో పెట్టి చెబుతాను. చెనక్కాయ పంటకు ఏడు పద్ధతులను పరీక్షించాలి. విత్తనశుద్ధి చేయడమా మానడమా, జిప్సం వేయడమా మానడమా, ఇలా ప్రతిదానికీ రెండే దారులు. అన్ని కలయికలూ చూడాలంటే 128 మడులు కావాలి. రావుగారు నిర్వచించిన లంబ శ్రేణుల పద్ధతిలో ఎనిమిది మడులు చాలు. ఏ రెండు పద్ధతులను తీసుకున్నా, రెండూ ఉన్నవి, మొదటిది మాత్రమే ఉన్నవి, రెండోది మాత్రమే ఉన్నవి, రెండూ లేనివి సమానంగా రెండేసి మడులు వచ్చేలా వాటిని అమర్చవచ్చు. అంతకంటే తక్కువ మడులతో ఎందుకు కుదరదో ఆయన ఒక అసమీకరణంతో చూపించారు. మడులు `N`, పద్ధతులు `k` అయితే `N ≥ k + 1`.

ఇందాకటి `2^r ≥ n + 1` పక్కన దీన్ని పెట్టి చూడండి. మూడు చెక్ బిట్లు, ఏడు స్థానాల హామింగ్ కోడ్. ఎనిమిది మడులు, ఏడు పద్ధతుల శ్రేణి. రెండూ ఒకే నిర్మాణానికి రెండు ముఖాలు. ఒకదాని చెక్ నియమాలే రెండోదాని మడుల పట్టిక. ఏ రెండు పద్ధతులూ ఒకదానితో ఒకటి కలిసిపోకూడదన్న రైతు ప్రయోగపు షరతే, ఇక్కడ ఏ రెండు స్థానాల తప్పులూ ఒకే సిండ్రోమ్ ఇవ్వకూడదన్న షరతు అయింది.

మొత్తం పారిటీ బిట్ చేర్చడం కూడా అక్కడ కనిపిస్తుంది. ఏ రెండు కాదు, ఏ మూడు పద్ధతులను తీసుకున్నా కలయికలు సమానంగా రావాలంటే రావుగారి హద్దు `N ≥ 2k` అవుతుంది. ఎనిమిది పద్ధతులకు పదహారు మడులు. ఎనిమిది స్థానాలు, నాలుగు చెక్ బిట్లున్న విస్తరించిన హామింగ్ కోడ్‌కు సరిగ్గా ఇవే అంకెలు. ఒక బిట్ ఎక్కువ చెల్లించి కొనుక్కున్నదేమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. స్థానాలను రెండేసిగా వేరుచేసి గుర్తించడం దిద్దడానికి చాలు. మూడేసిగా వేరుచేయగలిగితేనే రెండు తప్పులు కలిసి మూడో స్థానం వేషం వేసుకోకుండా ఉంటాయి. మన ఉదాహరణలో పన్నెండు, పదకొండు కలిసి ఏడు వేషం వేసింది అదే లోపం వల్ల.

మెమరీకి చేర్చేటప్పుడు

కాగితం మీది కోడ్‌ను నిజమైన మెమరీకి చేర్చేటప్పుడు చిక్కులు వేరేచోట వస్తాయి. మూడు చెబుతాను.

మొదటిది, వర్డ్‌లో కొంత భాగం మాత్రమే రాయడం. చెక్ బిట్లు 64 బిట్లకూ కలిపి లెక్కకట్టినవి. ప్రోగ్రామ్ ఒక్క బైటే మార్చాలన్నా పాత వర్డ్‌ను చదివి, పరీక్షించి, దిద్ది, కొత్త బైట్‌ను కలిపి, చెక్ బిట్లను తిరిగి లెక్కకట్టి రాయాలి. చదివినప్పుడు జంట తప్పు కనిపించిందనుకోండి. దాన్ని పట్టించుకోకుండా కొత్త చెక్ బిట్లు కట్టి రాసేస్తే, చెడిన డేటాకు శుభ్రమైన చెక్ బిట్లు వస్తాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివినా తప్పు లేదనే వస్తుంది. తప్పు మాసిపోలేదు, దాని ఆనవాలే మాసిపోయింది. అందుకే ఇలాంటి వర్డ్‌ను ఎవరు చదివినా మళ్ళీ తప్పే కనిపించేలా కావాలని చెడిన చెక్ బిట్లతోనే తిరిగి రాస్తారు. కరెంటు రాగానే మెమరీ మొత్తాన్ని ఒకసారి రాయవలసి రావడానికి కారణం కూడా ఈ చెక్ బిట్లే. తొలిసారి మెమరీలో ఉండేది చెత్త, దాని చెక్ బిట్లు కూడా చెత్తే. రాయకముందే చదివితే దాదాపు ప్రతి వర్డూ తప్పుగా కనిపిస్తుంది.

రెండోది, కాలం. చదివేటప్పుడు దిద్దిన విలువ ప్రాసెసర్‌కు వెళ్తుంది. మెమరీలోని చెడిన బిట్‌ను తిరిగి రాయకపోతే అది అలాగే ఉంటుంది. అదే వర్డ్‌లో ఎప్పుడో ఇంకో బిట్ చెడితే జంట తప్పు అవుతుంది. అందుకే ఎవరూ అడగకపోయినా మెమరీ మొత్తాన్ని క్రమం తప్పకుండా చదివి, దిద్ది, తిరిగి రాసే పని ఒకటి నడవాలి. దాన్ని స్క్రబ్బింగ్ అంటారు. ఒక లెక్క వేద్దాం. కోటి వర్డ్‌లున్న మెమరీలో రోజుకు 100 బిట్లు, ఎక్కడ పడితే అక్కడ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడుతున్నాయనుకుందాం. రోజుకొకసారి స్క్రబ్ చేస్తే, ఆ రోజు చెడిన వందలో రెండు ఒకే వర్డ్‌లో పడే అవకాశం సుమారు రెండు వేలలో ఒకటి. అంటే అయిదున్నరేళ్ళకు ఒక జంట తప్పు. స్క్రబ్బింగ్ లేకుండా ఏడాది వదిలేస్తే 36,500 తప్పులు పోగుపడి, వాటిలో అరవైకి పైగా జంటలు ఏర్పడతాయి. కోడ్ అదే, మెమరీ అదే. తేడా అంతా ఎంత తరచుగా ఊడ్చామన్నదానిలో ఉంది.

మూడోది, బిట్లు చిప్ మీద ఎక్కడ కూర్చున్నాయన్నది. పై లెక్కలో 'ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా' అన్న మాట చాలా బరువు మోసింది. 1997 అక్టోబరులో శనిగ్రహానికి బయల్దేరిన కసీనీ నౌక దీనికి ఉదాహరణ. దాని రికార్డర్లలో డైనమిక్ మెమరీ ఉంది. ఒకటి దిద్ది రెండు పట్టే కోడ్ కాపలా ఉంది. ప్రయాణంలో రోజుకు సుమారు 280 ఒంటరి తప్పులు కనిపించేవి, అవన్నీ దిద్దబడేవి. ఆ ఏడాది నవంబరు 6న సూర్యుడు ప్రోటాన్లను వెదజల్లినప్పుడు ఆ రోజు సంఖ్య నాలుగు రెట్లు దాటింది. కోడ్ తట్టుకుంది. ఇంజినీర్లను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. దిద్దలేని జంట తప్పులు లెక్కకు మించి వస్తున్నాయి. కారణం వెతికితే చిప్ లోపలి అమరికలో దొరికింది. ఒకే వర్డ్‌కు చెందిన బిట్లు కొన్ని చిప్ మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకే కణం తన దారిలో రెండు పొరుగు బిట్లను తాకితే, ఆ రెండూ ఒకే వర్డ్‌వి అవుతున్నాయి. స్క్రబ్బింగ్ ఎంత తరచుగా చేసినా దీనికి ఉపయోగం లేదు, రెండు బిట్లూ ఒకే క్షణంలో పోతాయి.

దీనికి విరుగుడు కోడ్‌లో లేదు, అమరికలో ఉంది. చిప్ మీద ఇరుగుపొరుగు బిట్లను వేర్వేరు వర్డ్‌లకు పంచాలి. అప్పుడు ఒక కణం నాలుగు బిట్లను చెడగొట్టినా, నాలుగు వర్డ్‌ల్లో ఒక్కో తప్పుగా మారి, నాలుగూ దిద్దబడతాయి. ఒక చిప్ మొత్తం చచ్చిపోతే మాత్రం ఇది కూడా చాలదు. ఒక్కో చిప్ ఒకే వర్డ్‌కు ఎనిమిది బిట్లు ఇస్తుంటే ఆ ఎనిమిదీ ఒకేసారి అనుమానంలో పడతాయి. దానికి బిట్లను గుంపులుగా చూసే వేరే కోడ్‌లు కావాలి.

ఇప్పటి డీడీఆర్5 మెమరీ కొనేవారికి కూడా ఒక మాట. ఆ చిప్‌ల లోపలే 128 బిట్లకు ఎనిమిది చెక్ బిట్ల దిద్దుబాటు ఉంటుంది. అది ఒక తప్పును దిద్దేదే, రెండు తప్పులను పట్టడం దాని పని కాదు. ఒక వర్డ్ చదివినప్పుడు చిప్ లోపల దిద్దుబాటు జరిగిందో లేదో బయటి కంట్రోలర్‌కు తెలియదు. కాబట్టి అట్ట మీద దిద్దుబాటు ఉందని రాసినంత మాత్రాన, తొమ్మిదో చిప్ చేసే పని అది చేస్తుందనుకోకూడదు.

తప్పును చదవడం

ఈ ఏర్పాటు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? లినక్స్ సర్వర్ అయితే రెండు సంఖ్యలు చూడాలి.

```
cat /sys/devices/system/edac/mc/mc0/ce_count
cat /sys/devices/system/edac/mc/mc0/ue_count
```

మొదటిది దిద్దిన తప్పుల లెక్క, రెండోది దిద్దలేనివాటిది. మొదటి సంఖ్య అప్పుడొకటి అప్పుడొకటి, వేర్వేరు చిరునామాల్లో పెరిగితే కంగారు పడనక్కర్లేదు, అది కోడ్ చేసే పనే. ఒకే చిరునామాలో, ఒకే బిట్‌లో పదేపదే పెరుగుతుంటే అది కణం పని కాదు, చిప్ చెడుతోంది. ఆ వర్డ్‌లో ఒక బిట్ శాశ్వతంగా పోయినట్టే, కోడ్‌కున్న ఒక్క దిద్దుబాటూ దానికే ఖర్చవుతోంది. ఇక రెండో బిట్ చెడితే దిద్దే దారి లేదు. మాడ్యూల్ మార్చవలసింది అప్పుడే, రెండో సంఖ్య కదలడం మొదలయ్యాక కాదు. అలాగని రెండు సంఖ్యలూ ఏళ్ళ తరబడి సున్నాగానే ఉంటే సంతోషించే ముందు ఒక పరీక్ష చేయాలి. కంట్రోలర్‌కు ఆ సౌకర్యం ఉంటే కావాలని ఒక బిట్‌ను చెడగొట్టి మొదటి సంఖ్య పెరుగుతుందో లేదో, రెండు బిట్లను చెడగొట్టి రెండోది పెరుగుతుందో లేదో చూడాలి. లెక్క కట్టని కౌంటర్ కూడా సున్నానే చూపిస్తుంది.

విద్యార్థులకు చివరగా ఒక పని అప్పగిస్తాను. దిద్దలేని తప్పు కనిపించినప్పుడు మీ డిజైన్ ఏం చేయాలో కోడ్ చెప్పదు. అది వర్డ్ చెడిందని చెప్పి ఊరుకుంటుంది. చెడింది బొమ్మలోని ఒక చుక్క అయితే వదిలేయవచ్చు. బ్యాంకు ఖాతాలోని అంకె అయితే ఆ పని ఆపి, డిస్క్ మీది ప్రతిని తీసుకోవాలి. రాకెట్ దిశను లెక్కించే వేరియబుల్ అయితే ఆగడానికి సమయమే లేదు, రెండో కంప్యూటర్‌కు పగ్గాలు అప్పగించే ఏర్పాటు ముందే ఉండాలి. ఈ మూడింటికీ కోడ్ ఒక్కటే, జవాబులు మూడు. కాబట్టి మెమరీకి చెక్ బిట్లు చేర్చిన రోజే, ఎన్‌కోడర్ గీసిన కాగితం మీదే, 'దిద్దలేను' అన్న ఆ సిగ్నల్ తీగ ఎక్కడికి వెళ్తుందో, అక్కడ ఎవరు ఏం చేస్తారో రాసిపెట్టండి. చాలా బోర్డుల మీద నేను చూసింది, ఆ తీగ ఎక్కడికీ కలపకుండా వదిలేసి ఉండటం. అలాంటి బోర్డు మీద పదమూడో బిట్‌కు పెట్టిన ఖర్చు వృథా.